తిరగేసి చూస్తే తెలిసే కుట్టు

మా చెల్లెలి పెళ్లి రాత్రి ముహూర్తం. చిలకాకుపచ్చ పట్టు జాకెట్టు వేసి వెనకాల హుక్కులు పెడుతుంటే, మెడ దగ్గర లోపలివైపు అంగుళం పొడవున ఒక దారప్పోగు వేలాడుతూ కనిపించింది. వీపుకు గుచ్చుకుంటుందేమోనని మా అత్తయ్య దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. తెగిపోతుందనుకుంది పాపం. తెగలేదు సరిగదా, సర్రుమంటూ వస్తూనే ఉంది. అది వస్తున్నకొద్దీ పైన మెడ చుట్టూ కుట్టిన బంగారు రంగు పూసలు ఒక్కొక్కటే నేలమీద టపటపా రాలాయి. అత్తయ్య ఉలిక్కిపడి చేయి వదిలేసేసరికి నాలుగు అంగుళాల వరస పోయింది.

బియ్యం బస్తా మూతి విప్పినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. బస్తా మూతికి వేసే కుట్టు ఒక కొసనుంచి ఎంత లాగినా రాదు, బిగుసుకుపోతుంది. రెండో కొస దొరికితే ఒక్క లాగుడుకు మూతి మొత్తం తెరుచుకుంటుంది. మగ్గం వర్క్ జాకెట్టు మీద మెరిసే గొలుసు కుట్టు కూడా అదే జాతిది. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, దానిలోంచి మరొకటి పుట్టుకొస్తాయి. ప్రతి ఉచ్చునూ దాని తరవాతది పట్టుకుని ఉంటుంది. చివరి ఉచ్చును పట్టుకునేది ఏదీ ఉండదు, దాన్ని కుట్టే మనిషే కట్టి వదలాలి. చెల్లెలి జాకెట్టుకు ఆ కట్టు పడలేదు.

ఆ పెళ్లి అయ్యాక మా వీధి చివర మగ్గం నేర్పే పిన్నిగారి దగ్గర చేరాను. వాళ్ల నట్టింట్లో నాలుగు మగ్గాలుండేవి. మొదటిరోజే ఆవిడ నా చేతికి సూది ఇవ్వకుండా పాత జాకెట్టు ముక్కలు అరడజను ఇచ్చారు. "పైన చూడకమ్మా, తిరగేసి చూడు. కుట్టినోళ్ల చెయ్యి అక్కడ తెలుస్తుంది" అన్నారు. నాకు ఈ పనిలో తెలిసినదంతా ఆ మాటతోనే మొదలైంది.

ముందు సూది సంగతి. మనం మగ్గం వర్క్ అనేదాన్నే తమిళులు, కన్నడిగులు ఆరి వర్క్ అంటారు. ఆరి అంటే ఆ కొక్కెం సూదే. సంస్కృతంలో 'ఆరా' అంటే తోలుకు కన్నం పెట్టే పనిముట్టు. గుజరాత్‌లో, కచ్‌లో తోలుపని చేసే మోచీలు ఆ పనిముట్టునే సన్నం చేసి, కొసన కొక్కెం పెట్టి, పట్టు మీదికి తెచ్చారు. ఆ పనిని అక్కడ ఇప్పటికీ మోచీ భరత్ అంటారు. గుజరాత్ గొలుసు కుట్టు బట్టలు 17వ శతాబ్దంలోనే ఓడలెక్కి ఐరోపాకు వెళ్లాయి. మన ఊళ్లలో మాత్రం కర్రల చట్రానికి బట్ట బిగించి కూర్చుని చేస్తారు కాబట్టి నేతమగ్గం పేరే దీనికీ పెట్టేశాం.

సూది చూడటానికి ఏమీ ఉండదు. చెక్క పిడి, దానికి బిగించిన సన్నటి ఉక్కు పుల్ల, కొసకు కాస్త పైన ఒక చిన్న గంటు. ఆ గంటే కొక్కెం. మామూలు సూదికి ఉండే బెజ్జం దీనికి ఉండదు. దారం సూదికి ఎక్కదు, బట్ట కింద ఎడమచేతి వేళ్లమధ్య ఉంటుంది. కుడిచెయ్యి పైనుంచి సూదిని దించుతుంది, ఎడమచెయ్యి కింద కొక్కేనికి దారం అందిస్తుంది. అందరూ కుడిచేతిని చూసి నేర్చుకోవాలనుకుంటారు. అసలు నేర్చుకోవలసింది కనిపించని ఎడమచేతి దగ్గర.

ఒక్క కుట్టును దగ్గరగా చూద్దాం. ఇప్పటికే ఒక ఉచ్చు పైకి వచ్చి సూదిపుల్ల చుట్టూ ఉందనుకోండి. గీత వెంట రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిగి సూదిని నిటారుగా దించాలి. అప్పుడు కొక్కెం ముఖం మనం వెళ్లే దిక్కుకు ఉండాలి. కింద ఎడమచెయ్యి దారాన్ని సూది చుట్టూ ఒకసారి తిప్పి కొక్కెంలో పడేలా వేస్తుంది. ఇప్పుడు పిడిని వేళ్లమధ్య అర చుట్టు తిప్పాలి. కొక్కెం ముఖం వెనక్కి, అంటే అంతకుముందు కుట్టిన వైపుకు తిరుగుతుంది. సూది నున్నటి వీపు ముందువైపుకు వస్తుంది. ఆ వీపును బట్టకు ఆనించి, ముందుకు కొద్దిగా ఒత్తుతూ పైకి లాగితే సూది కొత్త దారంతో బయటికి వస్తుంది, పాత ఉచ్చు దానిమీంచి జారి బట్టమీద పడుకుంటుంది.

ఆ అర చుట్టు, ఆ చిన్న ఒత్తుడు ఎందుకంటే, సూది దిగిన కన్నం చాలా సన్నది. కొక్కెం నోరు బట్ట అంచుకు రాసుకుంటూ వస్తే పట్టుపోగును పట్టేస్తుంది. వీపుతో ముందుకు ఒత్తినప్పుడు కన్నం వెనకవైపు కాస్త తెరుచుకుంటుంది, కొక్కెం ఆ ఖాళీలోంచి దేనికీ తగలకుండా వస్తుంది. పాత ఉచ్చు విషయంలోనూ అంతే. ఉచ్చు కొస సూది ముందువైపు ఉంటుంది, అక్కడ నున్నటి వీపు ఉంది కాబట్టి సాఫీగా జారిపోతుంది. కొక్కెం తిప్పకుండా లాగినవాళ్లకు ప్రతి మూడో కుట్టుకూ సూది ఇరుక్కుంటుంది. అప్పుడు బలంగా లాగుతారు. 'టక్' మని చిన్న చప్పుడు వస్తుంది. పట్టులో ఒక పోగు తెగిన చప్పుడది.

పిడికి చిన్న మర ఉన్న సూదులు బజార్లో దొరుకుతాయి. మరనూ కొక్కేన్నీ ఒకే వైపుకు ఉండేలా బిగించుకుంటే కింద ఉన్న కొక్కెం ఎటు తిరిగిందో పైనున్న మరను చూసి తెలుసుకోవచ్చు. కొత్తవాళ్లకు ఇది చాలా సాయం. వంపు తిరిగినప్పుడు పొరపాటు జరిగేది ఇక్కడే. మెడ గీత కిందికి వచ్చి పక్కకు తిరుగుతుంది, చెయ్యి మాత్రం పాత దిక్కునే పట్టుకుని ఉంటుంది. గీతతోపాటు మర కూడా తిరుగుతూ రావాలి. లేకపోతే ఉచ్చులు మెలిపడి, గొలుసు ఒకపక్క లావుగా ఒకపక్క సన్నగా తాడులా కనిపిస్తుంది.

ఇదంతా కుదరాలంటే బట్ట బిగువుగా ఉండాలి. పిన్నిగారి మగ్గంలో రెండు పొడవాటి కర్రలకు నూలుపట్టీ కొట్టి ఉండేది. జాకెట్టు ముక్క రెండంచులనూ ఆ పట్టీలకు కుట్టి, కర్రలను ఎడంగా లాగి మేకులు దోపి, మిగిలిన రెండు పక్కలనూ దారంతో అడ్డ కర్రలకు లాగి కట్టేవారు. గోటితో మీటితే డప్పులా మోగాలి. వదులుగా ఉన్న బట్టమీద కుట్టు పడేటప్పుడు ప్రతి ఉచ్చూ బట్టను కూడా కాస్త తనతో లాక్కుంటుంది. మగ్గం మీద ఉన్నంతసేపు అది కనపడదు. విప్పిన తరవాత మెడ చుట్టూ నీళ్లలో తడిసిన కాగితంలా ముడతలు లేస్తాయి, ఇస్త్రీ చేసినా పోవు. పట్టు రాత్రికి రాత్రి కాస్త సాగి వదులవుతుంది కూడా. కాబట్టి పొద్దున్నే మళ్లీ బిగించుకున్నాకే కూర్చోవాలి.

బిగించమన్నారని ఒక మూలకే లాగితే ఇంకో చిక్కు. నేతలో నిలువు పోగులు, అడ్డ పోగులు తిన్నగా నిలబడాలి. చీరతో వచ్చిన జాకెట్టు ముక్కకు అంచు ఉంటుంది కదా, ఆ అంచు కర్రకు సమానంగా ఉందో లేదో చూసుకుంటే చాలు. వంకరగా బిగించి గుండ్రంగా కుట్టిన మెడ, మగ్గం విప్పగానే ఒక భుజం వైపుకు ఒరిగిపోతుంది. ఆ తరవాత ఏ టైలరూ దాన్ని సరిచెయ్యలేడు.

రా సిల్క్ అయితే గట్టిగా ఉంటుంది, పూసల బరువు మోస్తుంది. చీరతో వచ్చే మెత్తటి పట్టు ముక్క అంత మొయ్యదు. దాని కింద పల్చటి నూలుబట్ట ఒక పొర వేసి, రెండూ కలిపి మగ్గానికి ఎక్కించాలి. ఇక్కడ ఇంకొక మాట. పట్టుకు సూది గుర్తు పోదు. నూలు మీద తప్పు కుట్టు విప్పి నీళ్లు చల్లితే కన్నాలు చాలావరకు మూసుకుంటాయి. పట్టు మీద గోటితో అటూ ఇటూ రాస్తే కొంత సర్దుకుంటుంది గాని, వెలుతురుకు ఎత్తి చూస్తే చుక్కలు వరసగా కనిపిస్తూనే ఉంటాయి. జరీ నేత మీదైతే అదీ లేదు. అందుకే గీత మొదటిసారే సరైన చోట పడాలి.

గీత వేసే పద్ధతి మన దగ్గర పాతదే. నూనెకాగితం లాంటి పల్చటి కాగితం మీద డిజైను గీసి, గీత వెంట సన్న సూదితో దగ్గరదగ్గరగా కన్నాలు పొడుస్తారు. ముదురు రంగు బట్టకైతే తెల్లటి జింకు పొడి, లేత రంగుకైతే నీలిమందు కొంచెం కిరసనాయిలులో కలిపి, బట్ట ఉండతో కాగితం మీద రుద్దుతారు. కన్నాల్లోంచి చుక్కలు దిగుతాయి. కిరసనాయిలు ఆరిపోతుంది, పొడి మిగులుతుంది. ఉండను ముంచి పిండకుండా రుద్దితే మాత్రం చుక్కలు పాకి మరకలవుతాయి. ఉండ దాదాపు పొడిగా ఉండాలి. ముందు ముక్క మూలన ఒకసారి వేసి చూసుకోవడం మంచిది.

బట్ట కత్తిరించక ముందే ఈ పనంతా. జాకెట్టు కొలతలు ముక్కమీద గీసుకుని, కుట్టి, మగ్గం విప్పాకే కత్తెర పట్టాలి. కత్తిరించిన మెడ అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మగ్గం మీద సాగిపోతుంది. మెడ కుట్టుగీతకు పావంగుళం లోపలే మొదటి వరస రావాలి. పైపింగ్ వేసేటప్పుడు మిషను పాదం ఆ సందులోంచే నడుస్తుంది. పూస గీతమీదే ఉంటే మిషను సూది దానిమీద పడి, పూసో సూదో విరుగుతుంది. పూసలున్న జాకెట్టు కుట్టే టైలర్లు జిప్పులు కుట్టే ఒంటిపక్క పాదం వాడేది ఇందుకే.

నేను మొదట పూర్తిచేసినది ఒక ఎర్ర రా సిల్క్ వీపు మెడ. 'యు' ఆకారం, గీత పొడవు 22 అంగుళాలు, అంటే దాదాపు 56 సెంటీమీటర్లు. మూడు వరసలు: జరీ గొలుసు, మధ్యలో చక్కెర పూసలు, మళ్లీ జరీ గొలుసు. కుట్టు రెండు మిల్లీమీటర్లు చొప్పున ఒక్కో గొలుసు వరసకు 280 కుట్లు. దారం ఎంత పడుతుందో పిన్నిగారు లెక్క చెప్పించారు. గొలుసులో పైన రెండు పోగులు, కింద ఒక పోగు పడుకుంటాయి. కాబట్టి గీతకు మూడింతల దారం కావాలి. 56కు మూడింతలు 168 సెంటీమీటర్లు. లాగుళ్లూ ముళ్లూ కలిపి రెండు మీటర్లు చూసుకుంటే వరస మధ్యలో అతుకు పడదు. రీలులో మీటరు మిగిలిందని దాంతో మొదలుపెట్టినవాళ్లకు సరిగ్గా వీపు నడిమధ్యలో ముడి వస్తుంది.

మొదటి జరీ వరస పూర్తయ్యాక నాకు ముచ్చటేసింది. పిన్నిగారు గుండుసూది తీసుకుని ఒక ఉచ్చు కింద పెట్టి ఎత్తారు. ఉచ్చు సూదిని ఎక్కించుకుని అలా లేచి నిలబడింది. "గాజు తగిలితే ఇంతే సంగతులు" అన్నారు. కుట్టు వదులన్నమాట. మర్నాడు భయంతో బిగించి కుట్టాను. ఈసారి గొలుసే కనపడలేదు, ఒంటి గీతలా బట్టలోకి దిగిపోయింది. ఉచ్చు ఆకు ఆకారంలో తెరుచుకుని, బట్టకు ఆనుకుని పడుకోవాలి. దాన్ని సరిచూసేది పైచెయ్యి కాదు. సూది పైకి వచ్చాక ఎడమచెయ్యి దారాన్ని కొంచెం, చాలా కొంచెం కిందికి లాగి పట్టాలి. ప్రతి కుట్టుకూ ఒకే లాగుడు. ఇది మాటల్లో చెప్పగలిగినంతే. నాకు చేతికి పట్టుబడటానికి మూడు గజాల పాత బట్ట ఖర్చయింది.

మామిడి పిందె కొస లాంటి చోట్ల ఇంకో జాగ్రత్త కావాలి. గొలుసును అలాగే తిప్పేస్తే మలుపులో ఉచ్చును పట్టి ఉంచేది ఉండదు, అది లోపలికి జారి కొస మొద్దుబారుతుంది. కొసకు చేరగానే ఉచ్చు అవతల వెంట్రుకవాసి దూరంలో ఒక బుల్లి కుట్టు వేసి దాన్ని అక్కడే కట్టెయ్యాలి. ఆ తరవాత కొక్కెం కొత్త దిక్కుకు తిప్పి మొదలుపెడితే పిందె మొన పదునుగా నిలుస్తుంది. వంపుల్లో కుట్టు కాస్త పొట్టి చేసుకుంటే చాలు.

ఇక పూసలు. జరీ గొలుసు వచ్చినవాళ్లకు పూస వరస కూడా వచ్చినట్టే. తేడా ఒక్కటే, పూసలను ముందుగా సూదిపుల్లకు ఎక్కిస్తారు. గిన్నెలోని పూసల్లో సూది కొస ఆడిస్తే అవే ఎక్కుతాయి. అందుకు సన్నటి సూది వేరే ఉంటుంది. సూది దించి, కింద దారం పట్టుకుని పైకి లాగగానే ఒక పూసను వేలితో కిందికి తోస్తారు. అది కొక్కెం మీదుగా ఉచ్చు మీదికి జారుతుంది. ఇప్పుడు పూస పొడవంత ముందుకు జరిగి సూది దించి తరవాతి ఉచ్చు తెస్తారు. మొదటి పూస తన ఉచ్చులో పడుకుంటుంది. అంటే పూస లోపల రెండు పోగులు ఉంటాయి. పూసను పట్టుకునేవి ఆ రెండు పోగులే.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు దూరం దగ్గర. పూస రెండు మిల్లీమీటర్లుంటే సూది ముందుకు జరగవలసిందీ రెండు మిల్లీమీటర్లే. తక్కువ జరిగితే పూసలకు చోటు చాలక ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంపులో పిల్లల్లా లేచి నిలబడతాయి. ఎక్కువ జరిగితే మధ్యలో దారం బయటపడుతుంది, పూస అటూ ఇటూ జారుతుంది. కళ్లతో అంచనా వేయకుండా పది పూసలు స్కేలు పక్కన వరసగా పేర్చి చూడాలి. నేను తెచ్చిన పొట్లంలో పది పూసలు రెండు సెంటీమీటర్లు వచ్చాయి. అందుకే గీతమీద ప్రతి రెండు సెంటీమీటర్లకూ పెన్సిలుతో సన్న చుక్క పెట్టుకున్నాను. చుక్క నుంచి చుక్కకు పది పూసలు పడితే సరి. తొమ్మిదే పట్టాయంటే అడుగు పెద్దదవుతోంది, పదకొండు ఇరుక్కున్నాయంటే చిన్నదవుతోంది. 280 పూసల వరసలో తప్పు పదో పూస దగ్గరే బయటపడితే విప్పాల్సింది పదే.

చవక పొట్లంలో పూసలు ఒకే సైజులో ఉండవు. ఒకటి లావు, ఒకటి పలచన, ఒకటి సగం విరిగి ఉంటుంది. కుట్టే ముందు తెల్లటి పళ్లెంలో పోసి ఏరుకోవాలి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. బెజ్జం ఇరుకున్న పూసను సూదిమీద బలవంతంగా తోస్తే గాజు చిట్లుతుంది. చిట్లినట్టు వెంటనే తెలియకపోవచ్చు, ఆ పగులు అంచు దారాన్ని రోజూ కొంచెం కోస్తుంది. పొడవాటి గొట్టం పూసలకైతే కొసలే కత్తుల్లా ఉంటాయి. వాటికి రెండు పక్కలా చిన్న గుండ్రటి పూస వేస్తే దారం ఆ నున్నటి అంచుమీద ఆనుతుంది. పూసలకు జరీ వాడరు, అది చిక్కిపోయి తెగుతుంది. సన్నటి గట్టి దారం కావాలి, రంగు బట్టకు కలవాలి. గాజులా తేటగా ఉండే పూసలైతే లోపలి దారం రంగు పైకే కనపడుతుంది. నేను ఎర్ర బట్టమీద తెల్ల దారంతో కుట్టిన మొదటి అంగుళం పాలిపోయినట్టు ఉండటానికి కారణం అదే.

ప్రతి అయిదు పూసలకూ ఒక బుల్లి కుట్టు వెనక్కి వేసి ముందుకు రావాలన్నది పిన్నిగారి నియమం. మొదట్లో విసుగనిపించేది. గొలుసు కుట్టులో దారం ఎక్కడైనా తెగితే, తెగిన చోటునుంచి మొదలుపెట్టిన వైపుకు విడిపోతూ పోతుంది. మధ్యలో కట్లు ఉంటే ఆ విడుపు మొదటి కట్టు దగ్గరే ఆగుతుంది. పోతే అయిదు పూసలు పోతాయి.

వరస చివరి కట్టు ఇలా. ఆఖరి కుట్టు చాలా పొట్టిగా వెయ్యాలి. కింద దారాన్ని నాలుగంగుళాలు వదిలి కత్తిరించాలి. పైన ఉన్న ఉచ్చును కొక్కెంతో లాగుతూ పోతే కింది కొస మొత్తం బట్టలోంచి పైకి వచ్చేస్తుంది. ఇప్పుడు దాన్ని ముందరి ఉచ్చుకు అవతలినుంచి మామూలు సూదితో మళ్లీ కిందికి దించాలి. ఆ పోగు ఉచ్చుమీద చిన్న వంతెనలా అడ్డంగా పడి దాన్ని నొక్కి ఉంచుతుంది. తరవాత కింద పక్క కుట్లలో రెండుసార్లు దూర్చి ముడి వేస్తే ఇక ఎవరు లాగినా రాదు. పనిచేసి పనిచేసి చెయ్యి తిరిగినవాళ్లు ఇదంతా కొక్కెంతోనే చిటికెలో చేసేస్తారు. నేర్చుకునేవాళ్లు మామూలు సూదితో చెయ్యడమే నయం. కూలికి కుట్టేచోట పండగల ముందు ఈ కట్టే తప్పిపోతుంది. చెల్లెలి జాకెట్టు కుట్టించిన చోట శ్రావణమాసం రద్దీ అప్పుడు ఎలా ఉందో నాకు గుర్తుంది.

జాకెట్టు చేతికి వచ్చినప్పుడు ఏం చూడాలో ఇప్పుడు చెప్పడం తేలిక. తిరగేయండి. గొలుసు ఉన్నచోట వెనకవైపు ఒకటే సన్నటి గీత, చిన్నచిన్న సమానమైన అడుగులతో కనపడాలి. ఆ గీతలో ఒకచోట అడుగు పెద్దదైతే అక్కడ పైన కుట్టు దాటిపోయిందని అర్థం. గీత పక్కన దారం మెలికలుగా వేలాడుతుంటే అక్కడ కింది చెయ్యి వదులైంది. ఒక పువ్వునుంచి రెండో పువ్వుకు దారం తెంపకుండా దాటించి ఉంటే, ఆ దాటు అరంగుళం కంటే పొడవుంటే, అది వేసుకునేటప్పుడు వేలికి తగులుకుంటుంది. ప్రతి వరస కొసనా ముడి ఉందో లేదో చూడండి. వేలాడే పోగును మాత్రం లాగకండి. కత్తెరతో పావంగుళం వదిలి కత్తిరించి, సూదితో లోపలికి దూర్చండి.

ఇస్త్రీ కూడా తిరగేసే. మందపాటి తువ్వాలు పరిచి, పూసలు దానిలోకి దిగేలా బోర్లాపెట్టి, తక్కువ వేడితో వెనకనుంచి చెయ్యాలి. ప్లాస్టిక్ ముత్యాలకు వేడి తగిలితే పైపూత లేచిపోతుంది. సెంటు కూడా మెడ దగ్గర కొట్టుకోకుండా ఉంటే పూసల రంగు నిలుస్తుంది. హ్యాంగరుకు వేలాడదియ్యకుండా పల్చటి నూలుబట్టలో మడిచి పెట్టుకుంటే పూసల బరువు భుజం కుట్లమీద పడదు.

ఆ పెళ్లి రాత్రి మేం చేసిన పని ఇది. కుట్టిన జాకెట్టును మళ్లీ మగ్గానికి ఎక్కించలేం, ఎంబ్రాయిడరీ రింగు కూడా ఇంట్లో లేదు. మా పెద్దమ్మ ఒక స్టీలు గ్లాసును జాకెట్టు లోపల పెట్టి, దాని మూతిమీద మెడ బట్టను లాగి రబ్బరు బ్యాండు వేసింది. మామూలు సూదిలో రెండు పేటల దారం ఎక్కించి, ముందుగా విడిపోకుండా మిగిలిన ఆఖరి ఉచ్చులోంచి సూది దూర్చి కింద ముడి వేసింది. దాంతో విడుపు ఆగింది. తరవాత నేలమీద ఏరిన పూసలను రెండేసి చొప్పున సూదికి ఎక్కించి, పాత కన్నాల్లోనే దించుతూ, ప్రతి రెండు పూసలకూ వెనక్కి ఒక కుట్టు వేసుకుంటూ వచ్చింది. నాలుగు అంగుళాలకు యాభై పూసలు కావాలి. నలభై మూడు దొరికాయి. మిగిలిన ఏడింటి జాగాలో, జడకింద దాగే చోట, ఆవిడ తన గాజులకు చుట్టుకున్న జరీ తాడులోంచి ఒక పోగు తీసి కుట్టింది. ఆ జాకెట్టు ఇప్పటికీ చెల్లెలి దగ్గరే ఉంది. తిరగేసి చూస్తే పెద్దమ్మ కుట్టిన నాలుగంగుళాలే గట్టిగా ఉన్నాయి. మిగతా వరస కొసను నేను పని నేర్చుకున్నాక కట్టాను.